క్రియ చివర్న ఉంటే మ్యాచ్ ఆగిపోతుందా?

తెలుగులో రేడియో కామెంటరీ కుదరదంటారు. ఎందుకు కుదరదని అడిగితే, మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కదా, ఆ క్రియ వచ్చేలోపు బంతి బౌండరీ దాటిపోతుందంటారు. ఈ మధ్య ఒక పుస్తకావిష్కరణ అయ్యాక టీ కప్పుల దగ్గర విన్నాను. అంతకు ముందు ఆఫీసు కాంటీన్‌లోనూ ఇదే మాట. రెండు చోట్లా అన్నవాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళే, తెలుగంటే ప్రేమ ఉన్నవాళ్ళే. అందుకే ఒళ్ళు మండింది. మన భాషకి చేతకాదని అనేవాళ్ళు పరాయివాళ్ళైతే నవ్వి ఊరుకోవచ్చు.

హిందీలోనూ క్రియ చివరే కదా? 1975లో కౌలాలంపూర్‌లో హాకీ ప్రపంచకప్ ఫైనల్లో మనవాళ్ళు పాకిస్తాన్ని 2-1తో ఓడించినప్పుడు దేశమంతా చెవులు రిక్కించి విన్నది జస్‌దేవ్ సింగ్ హిందీ కామెంటరీని. హాకీ క్రికెట్ కంటే ఎంత వేగమో చెప్పక్కర్లేదు. బెంగాలీలోనూ క్రియ చివరే. అజయ్ బసు, కమల్ భట్టాచార్య, పుష్పేన్ సర్కార్ గొంతులు విని ఒక తరం బెంగాలీలు క్రికెట్టూ ఫుట్‌బాలూ కూడా చెవులతోనే చూశారు. తమిళంలో అబ్దుల్ జబ్బార్ ఉన్నాడు. అడ్డం వ్యాకరణమే అయితే ఇంతమందికి ఎలా కుదిరింది?

సరే, లెక్కే వేద్దాం, ఇంజినీరింగ్ చదువు ఎక్కడో ఒకచోట పనికిరావాలి కదా. 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనుకి దాదాపు 39 మీటర్లు పోతుంది. పిచ్ 22 గజాలు, అంటే 20 మీటర్లు. చెయ్యి వదిలాక బ్యాట్స్‌మన్ దగ్గరికి చేరడానికి అర సెకను. ఎంత గబగబా మాట్లాడేవాడైనా ఆ అర సెకనులో మూడు నాలుగు అక్షరాలు పలకగలడు. 'వేశాడు' అన్నది మూడక్షరాలు. అంతే, టైమ్ అయిపోయింది. ఇంగ్లీషువాడికీ అంతే టైమ్. గాల్లో ఉన్న బంతిని వర్ణించగలిగే భాష భూమ్మీద లేదు. అంచేత ఏ భాషలోనైనా మంచి కామెంటేటర్ చేసేది ఒకటే: పరుగు మొదలైనప్పటి నుంచి బంతి వదిలేదాకా చెప్తాడు, వదలగానే నోరు మూస్తాడు, చప్పుడయ్యాక మళ్ళీ తెరుస్తాడు.

ఫాస్ట్ బౌలర్ పరుగుకి అయిదారు సెకన్లు పడుతుంది. కామెంటేటర్‌కి దొరికే అసలు జాగా అదే. ఒక బంతి ఊహించి రాస్తాను, పైకి చదివి చూడండి.

"పెవిలియన్ వైపు నుంచి వస్తున్నాడు. మిడాన్ కాస్త పైకొచ్చాడు, కవర్స్‌లో ఒక్కడే. అంపైర్ని దాటాడు... వేశాడు."

ఇక్కడ ఆగాలి. టక్.

"కవర్స్‌లోకి. ఖాళీ. పాయింట్ బౌండరీ నుంచి ఫీల్డర్ ఎడమ పక్కకి పరిగెత్తి, వంగి, చెయ్యి చాపి... అందలేదు. నాలుగు."

మళ్ళీ ఆగాలి. జనం అరుస్తారు, అరవనివ్వాలి.

"ఆఫ్ స్టంప్ బయట, కాస్త పొట్టి బంతి. వెనక్కి జరిగి నిలబడి తోశాడు. 212కి 3."

ఇందులో మనవాళ్ళు బెంగపడ్డ క్రియ ఎక్కడ అడ్డొచ్చింది? 'కవర్స్‌లోకి' దగ్గర క్రియే లేదు. ఆ 'లోకి' అనే చిన్న ముక్కే బంతి ఎటు పోతోందో చెప్పేసింది. 'మీదుగా' అంటే గాల్లో వెళ్ళింది, 'వైపు' అంటే ఇంకా చేరలేదు. విభక్తి ఉన్న భాషలో దిక్కు చెప్పడానికి క్రియ దాకా ఆగక్కర్లేదు. 'నాలుగు' అన్నదీ పూర్తి వాక్యమే.

ఇంకో పెద్ద సదుపాయం అసమాపక క్రియ. 'పరిగెత్తి, వంగి, చెయ్యి చాపి' అంటూ పోతుంటే ఏం జరుగుతున్నది అదే వరసలో చెవిలో పడుతుంది. వాక్యం ఎలా ముగుస్తుందో కామెంటేటర్‌కి ముందే తెలియక్కర్లేదు, ఎందుకంటే ఆటలో ముగింపు అప్పటికింకా జరగలేదు. అందిందా, అందలేదా అన్నది జరిగాకే సమాపక క్రియ పడుతుంది. ఉత్కంఠ అనే మాట వాడకుండానే ఉత్కంఠ వచ్చేస్తుంది. చేతకానితనం అనుకున్నది నిజానికి మన చేతిలో ఉన్న ఆయుధం.

దీనికో పరిమితి ఉంది. ఈ 'ఇ' కారాల గొలుసు నడవాలంటే అన్ని పనులూ చేసేవాడు ఒక్కడే కావాలి. "బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి, బంతి అంచుకి తగిలి, కీపర్ పట్టుకుని, అప్పీల్ చేశారు" అంటే వినేవాడికి ఎవడు ఏం చేశాడో తెలీదు. ('వానలు కురిసి పంటలు పండాయి' అనమా అని వ్యాకరణం తెలిసినవాళ్ళు అడగొచ్చు. అక్కడ కర్తలు వేరైనా కారణం, ఫలితం అని అర్థమైపోతుంది. మైదానంలో ముగ్గురు మనుషులూ ఒక బంతీ ఉన్నప్పుడు అంత తీరిక ఉండదు.) కాబట్టి కర్త మారిన చోటల్లా వాక్యం తుంచాలి. బంతి బౌలర్ చెయ్యి వదిలినప్పుడు ఒకసారి, బ్యాట్‌ని వదిలినప్పుడు ఒకసారి, ఫీల్డర్‌ని చేరినప్పుడు ఒకసారి. గమనించారా, ఆట ఊపిరి పీల్చే చోట్లూ అవే. తెలుగు కామెంటరీ తేలిపోయిందంటే చాలాసార్లు రోగం ఇక్కడే ఉంటుంది, తుంచాల్సిన చోట తుంచకుండా సాగదీయడంలో.

విరామం గురించి కూడా ఒక భ్రమ ఉంది. రేడియోలో ఆగితే స్టేషన్ పోయిందనుకుంటారని భయం. స్టూడియోలో వార్తలు చదువుతున్నప్పుడు నిజమే. మైదానంలో కామెంటేటర్ దగ్గరుండే మైక్ కాక, జనం గోల, బ్యాట్ చప్పుడు పట్టుకోవడానికి వేరే మైక్ ఉంటుంది. ఈయన ఆగినప్పుడు వినిపించేది నిశ్శబ్దం కాదు, మైదానం. పైగా జనం అరుపు ఎప్పుడూ కామెంటేటర్ మాట కంటే ముందే వినేవాడిని చేరుతుంది. ఏదో అయిందని అతనికి తెలిసిపోయింది, ఏమయిందో తెలియాలి. ఆ క్షణంలో "అద్భుతం! అమోఘం! కన్నుల పండుగ!" అంటే వినేవాడి గొంతు మీద కాలేసి తొక్కినట్టే. ఫోరా, సిక్సా, ఔటా? ముందు అది చెప్పు నాయనా, తర్వాత మురిసిపోదువుగాని.

విశేషణాల జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నాకో అనుమానం ఉంది. తెలుగు రేడియోలో ప్రత్యక్ష వ్యాఖ్యానం అనగానే పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది మ్యాచ్ కాదు, భద్రాచలం సీతారాముల కల్యాణం, ఉషశ్రీ గొంతు. ఆ వ్యాఖ్యానాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ కల్యాణంలో జీలకర్ర బెల్లం తర్వాత ఏమొస్తుందో వినే ప్రతి ముత్తయిదువకీ తెలుసు. తాళి కడతారా లేదా అన్న సందేహం ఎవరికీ లేదు. తంతు నెమ్మదిగా నడుస్తుంది, మధ్యలో పురాణానికీ పద్యానికీ బోలెడంత చోటు. అక్కడ అలంకారమే అసలు పని. మ్యాచ్‌లో తర్వాత ఏమొస్తుందో ఎవడికీ తెలీదు. ఆ నమూనాని తెచ్చి ఇక్కడ తగిలిస్తే పనికిరాదు. ఇక మా వైపు సంక్రాంతి టోర్నమెంట్లలో మైక్ పట్టుకునే అన్నలున్నారే, వాళ్ళు వినోదానికి పెట్టింది పేరు. కానీ వాళ్ళు చూస్తున్నవాళ్ళకి చెప్తారు. బంతి ఎటెళ్ళిందో చెప్పాల్సిన పని వాళ్ళకి లేదు, టీవీ వాళ్ళకీ లేదు. టీవీ తెలుగు కామెంటరీలో పంచ్ డైలాగులెక్కువని తిడతాం గానీ, బొమ్మ కనిపిస్తున్నప్పుడు మాట మిగిలిన పనులు చూసుకుంటుంది. తప్పల్లా దాన్ని విని రేడియోకి తెలుగు పనికిరాదని తేల్చేయడంలో ఉంది.

భాష బావుంటే చాలు, ఆట తెలిస్తే చాలు అనేవాళ్ళకి మా విజయనగరం నుంచే ఒక జవాబుంది. విజ్జీ. పూసపాటి వారి సంస్థానం బిడ్డ, 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టు కెప్టెన్, ఆ టూర్ మధ్యలోంచి లాలా అమర్‌నాథ్‌ని ఇంటికి పంపించేసిన మనిషి, తర్వాత క్రికెట్ బోర్డు అధ్యక్షుడు. ఆయన రేడియో కామెంటేటర్ కూడా. 1959లో మన జట్టు ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు బీబీసీ అతిథిగా పిలిచింది. ఇంగ్లీషుకి కొదవ లేదు, ఆటలో పెద్దవాళ్ళందరూ తెలుసు. అయినా క్రికెట్ లోకంలో ఆయన కామెంటరీ గురించి మిగిలింది ఒక జోకు. తను పులుల్ని ఎలా వేటాడేవాడో విజ్జీ చెప్తుంటే వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ రోహన్ కన్హాయ్, మీరు కామెంటరీ చెప్తున్న ట్రాన్సిస్టర్ని అడవిలో వదిలేసి వాటిని విసుగుతో చంపేస్తారేమో అనుకున్నానన్నాడట. నిజంగా అన్నాడో లేదో గానీ జోకు ఇన్నేళ్ళు బతికింది. భాష వల్ల కామెంటరీ చెడలేదు. ఎదురుగా జరుగుతున్నదాన్ని వదిలి తన జ్ఞాపకాల్లోకి పోయేవాడికి ఏ వ్యాకరణం వస్తే ఏం లాభం?

వినేవాడు మధ్యలో వస్తాడన్నది ఇంకో మరిచిపోయే సంగతి. పలాస బస్సులో పక్కవాడి ఫోన్‌లోంచి వింటున్నవాడికి మొదటి ప్రశ్న స్కోరెంత అన్నదే. అమెరికాలో రెడ్ బార్బర్ అనే బేస్‌బాల్ కామెంటేటర్ మూడు నిమిషాల ఇసుక గడియారం ముందు పెట్టుకునేవాడు, గుడ్లు ఉడకబెట్టడానికి వాడేది. ఇసుక అయిపోగానే స్కోరు చెప్పి తిరగేసేవాడు. తెలుగులో 'రెండు వందల పన్నెండుకి మూడు' పొడుగైపోతోందా, 'టూ ట్వెల్వ్ ఫర్ త్రీ' అనండి, కొంపలేం మునగవు. ఊళ్ళో పిల్లలు అనేదే అది. కవర్స్‌కి సంస్కృతంలో పేరు వెతికే పని కూడా పెట్టుకోవద్దు.

ఇంకా నమ్మకం కుదరనివాళ్ళని కబడ్డీ దగ్గరికి తీసుకెళ్తాను. రెయిడ్‌కి 30 సెకన్లు. ఎదుటి సగం 6.5 మీటర్ల లోతు, మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దగ్గర బాక్ లైన్, దాన్ని దాటకుండా వెనక్కొస్తే, ఎవర్నీ ముట్టుకోకపోతే, రెయిడర్ ఔట్. అవతల ఏడుగురున్నా, పట్టుబడేదాకా కదిలేది ప్రధానంగా ఒక్కడే, అంటే కర్త ఒక్కడే. ఇంగ్లీషువాడు ఇక్కడ ప్రతి కదలికకీ ఒక కొత్త వాక్యం మొదలెట్టాలి. మనకి రెయిడంతా ఒక్క వాక్యం. "గీత దాటి, ఎడమ కార్నర్ వైపు జరిగి, ఆగి, బాక్ లైన్ తొక్కి, కాలు చాపి, వెనక్కి లాగి, పదే సెకన్లున్నాయి, మళ్ళీ కుడికి తిరిగి, కవర్ మీదికి చెయ్యి విసిరి, తగిలించి, వెనక్కి దూకి, మడమ దొరికి, పడి, పాక్కుంటూ, చెయ్యి చాపి..."

ముట్టుకున్నాడు.