ఆడిట్‌లో ‘క్వాలిఫైడ్’ అంటే పాసైనట్టు కాదు

ఉద్యోగ నోటిఫికేషన్‌లో ‘క్వాలిఫైడ్’ మంచి మాటే. కంపెనీ వార్షిక నివేదికలో ఆడిటర్ అదే మాట రాశాడంటే మాత్రం లెక్కల్లో ఎక్కడో తేడా ఉందని. ఆత్మకూరు నుంచి హైదరాబాద్‌కు ఇంటర్వ్యూకి బయల్దేరే ముందు ఆ కంపెనీ నివేదికలో రంగుల పేజీలు దాటేసి ‘ఇండిపెండెంట్ ఆడిటర్స్ రిపోర్ట్’ తెరవండి. మొదట ఒపీనియన్, దాని కిందే ‘బేసిస్’ పేరుతో కారణం ఉంటాయి.

చదివేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆడిటర్‌కి తప్పు దొరికిందా, లేక ఆధారమే దొరకలేదా? అది ఒక్కచోటే ఉందా, లెక్కలంతా పాకిందా?

హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ లెక్కలతోనే చూద్దాం. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబర్ 30 నాటికి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. కస్టమర్ల నుంచి రావాల్సిన 2,651 కోట్లలోనూ 490 కోట్లు ఎక్కువ చూపారు.

ఆ బాకీల తేడా ఒక్కటే బయటపడి, కంపెనీ సరిదిద్దలేదనుకుందాం. ‘ఇది తప్ప మిగతావి సరైనవే’ అని ఆడిటర్ రాయొచ్చు. అది క్వాలిఫైడ్. ఆ ఒక్క అంకెను పక్కనపెట్టి మిగతావి నమ్మొచ్చు.

బ్యాంకు నిల్వ అబద్ధమని తేలితే? దాని మీద చూపిన వడ్డీ అబద్ధం, లాభం అబద్ధం, కంపెనీ ఆస్తి విలువా అబద్ధమే. అప్పుడిచ్చేది అడ్వర్స్: ఈ లెక్కలు నిజస్థితిని చూపడం లేదని నేరుగా చెప్పడం.

బ్యాంకుల నుంచి ధ్రువీకరణే రాకపోతే, నిల్వ ఉందో లేదో తేల్చుకునే వేరే దారీ లేకపోతే? ‘అభిప్రాయం చెప్పలేను’ అంటాడు. అది డిస్‌క్లెయిమర్. చాలామంది దీన్ని అడ్వర్స్ కన్నా మెత్తనిది అనుకుంటారు. నా దృష్టిలో ఉద్యోగార్థికి ఇదే ఎక్కువ గుబులు పుట్టించాలి. అడ్వర్స్‌లో తప్పేంటో, ఎంతో సాధారణంగా రాసి ఉంటుంది. ఇక్కడ ఎంత దాగుందో ఆడిటర్‌కే తెలియదు.

మరి సత్యంకి వీటిలో ఏది వచ్చింది? ఏదీ రాలేదు. ఏళ్లపాటు క్లీన్ ఒపీనియనే. బ్యాంకు ధ్రువీకరణలను ఆడిటర్లు నేరుగా తెప్పించుకోకుండా కంపెనీ చేతికే వదిలేశారని 2011లో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ తేల్చింది. లేఖ బయటపడిన వారంలోపే, తమ పాత నివేదికలను ఇక నమ్మొద్దని ప్రైస్ వాటర్‌హౌస్ కూడా చెప్పేసింది.

అందుకే క్లీన్ ఒపీనియన్‌ని హామీ అనుకోవద్దు. ఆడిటర్ తానే అనుమానం రాసిస్తే మాత్రం, జీతం ఎంతని అడిగే ముందు ‘బేసిస్’ పేరా పూర్తిగా చదవండి. నిరుడు, ముందటేడు నివేదికల్లోనూ అదే పేరా కనిపిస్తే, కంపెనీ దాన్ని సరిదిద్దుకోలేదన్నమాట.