మూడు ముక్కలు, ఒక పని

బాబ్లీ తీర్పు చదివినవాళ్లు తక్కువ, దాని గురించి మాట్లాడనివాళ్లు ఇంకా తక్కువ. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన ఆ 14 గేట్ల బ్యారేజీపై సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న పొడవాటి తీర్పు ఇచ్చింది. రైతుకైనా, ఇంజినీరుకైనా అందులో ఏటా పనికొచ్చేవి మూడే ముక్కలు.

ఒకటి, జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి. రెండు, మిగతా కాలంలో మహారాష్ట్ర వాడుకోగలిగింది 2.74 టీఎంసీలు. అందులో శ్రీరాంసాగర్‌తో ఉమ్మడి ముంపులోకి వచ్చేది 0.6 టీఎంసీ మాత్రమే. మూడు, ఏటా మార్చి 1కి 0.6 టీఎంసీ దిగువకు వదలాలి.

ఇలాంటి కాగితాన్ని మెయిల్లో పంపేటప్పుడు మనవాళ్లు రాసేది ఒకటే: ‘నివేదిక జతపరిచాము, తగు చర్య నిమిత్తం.’ చర్య ఏమిటో, ఎవరు తీసుకోవాలో, ఎప్పటికో ఉండదు. పైగా సీసీలో పదిమంది. ‘నాకు కాదులే’ అని పదిమందీ అనుకుంటారు.

అదే మెయిలు దిగువన ఉన్న ఒక గ్రామ సర్పంచికి వెళ్లాలనుకుందాం. ఇలా ఉంటే చాలు:

సబ్జెక్టు: జూలై 1న బాబ్లీ గేట్లు ఎత్తుతారు – జూన్ 28లోగా చాటింపు వేయించండి

‘సర్పంచి గారికి, నమస్కారం. తీర్పు ప్రకారం జూలై 1న గేట్లు ఎత్తుతారు, నదిలో నీరు పెరగవచ్చు. జూన్ 28లోగా చాటింపు వేయించి, గొర్రెల కాపరులను, చేపలు పట్టేవాళ్లను నదిలోకి దిగవద్దని చెప్పించండి. అయ్యాక ఈ మెయిల్‌కే జవాబివ్వండి.’

మూడు ముక్కలూ దీని కింద, ఒక్కోదానికి తీర్పులో పేజీ నంబరుతో సహా రావాలి. ఫోన్‌లో మెయిలు తెరవకముందు కనబడేది సబ్జెక్టు, మొదటి ఒకటి రెండు లైన్లే. అందుకే పని పైనుండాలి. శ్రీరాంసాగర్ ఇంజినీరుకు రాస్తే మార్చి 1 ముక్క ముందుకొస్తుంది. నివేదిక అదే, చదివేవారిని బట్టి వరుస మారుతుంది.

కుదించడంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ‘గేట్ల నిర్వహణను పరిశీలించారు’ అని రాస్తారు. అది విషయసూచిక, తేలిన సంగతి కాదు. తేదీయో, అంకెయో, తీర్మానమో లేని వాక్యాన్ని ముక్కగా లెక్కపెట్టకూడదు. రెండోది ఇంకా ప్రమాదం. ‘మహారాష్ట్రకు 2.74 టీఎంసీలు’ అని రాసి ఉమ్మడి ముంపులోది 0.6 మాత్రమేనన్న సంగతి వదిలేస్తే, శ్రీరాంసాగర్ నీళ్లన్నీ అటే పోతున్నాయని చదివినవాడు గొడవకు దిగుతాడు. షరతు ఉన్న అంకెను షరతుతోనే పంపాలి, వాక్యం పొడుగైనా సరే.

రేపు మీరు పంపబోయే నివేదిక ఏదైనా, పంపే బటన్ నొక్కేముందు మొదటి మూడు లైన్లు చదవండి. ఎవరు, ఏం, ఎప్పటిలోగా చేయాలో అక్కడ లేకపోతే ఆ మెయిలు ఇంకా రాయలేదన్నట్టే.