తుపాను ముందు వార్త, తుపాను తర్వాత కథ

రెండో సంవత్సరంలో ఉండగా ఓ తుపాను సమయంలో మన క్లబ్ గ్రూపులో నేనొక రైటప్ పెట్టాను. మాది కాట్రేనికోన. సముద్రం మాకు కొత్త కాదు కాబట్టి నేను రాస్తేనే బాగుంటుందని నాకో నమ్మకం. సముద్రం రంగు మారడంతో మొదలుపెట్టాను. కొబ్బరి మట్టల చప్పుడు, ఇంటి ముందు మామ్మ మౌనం, అన్నీ పెట్టాను. లైకులు బాగానే వచ్చాయి. పది నిమిషాల తర్వాత మా మండలంలోనే తీరప్రాంత గ్రామం నుంచి వచ్చిన జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, మా నాన్న రేపు వేటకి వెళ్లొచ్చా, వద్దా? నువ్వు రాసిందాంట్లో అది ఎక్కడుంది?" అన్నాడు.

వెతికి చూసుకున్నాను. తొమ్మిదో వాక్యంలో ఉంది.

"వార్త ఎలా రాయాలి" అని క్లబ్‌లో ఎప్పుడు వాదన జరిగినా నాకు ఆ ఫోనే గుర్తొస్తుంది. మనలో రెండు వర్గాలున్నాయి. ముఖ్యమైన సంగతి ముందు చెప్పి, మిగతాది ప్రాధాన్యం తగ్గే వరుసలో చెప్పుకుంటూ పోవాలనేది ఒక వర్గం. జర్నలిజం పుస్తకాల్లో దీన్ని తలకిందుల పిరమిడ్ అంటారు. బరువంతా పైన ఉంటుంది, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. రెండో వర్గానిది కథన పద్ధతి. మనిషితో, చోటుతో మొదలుపెట్టి, జరిగినది జరిగిన వరుసలో నడిపిస్తారు. రెండో వర్గం వాళ్లు మొదటిదాన్ని "పాతకాలం ఫార్ములా" అంటారు. మొదటి వర్గం వాళ్లు రెండోదాన్ని "సాహిత్యం పిచ్చి" అంటారు. నా లెక్కలో ఇది అభిరుచికి సంబంధించిన తగువు కాదు. చదివినవాడు చదవగానే చేయాల్సిన పని ఏదైనా ఉందా, లేదా? నేను అడిగేది ఈ ఒక్క ప్రశ్నే.

ముందు, పని ఉన్న సందర్భం చూద్దాం. వాతావరణ శాఖ తుపాను బులెటిన్‌కి ఓ స్థిరమైన వరుస ఉంటుంది. మొదట వాయుగుండమో తుపానో ఇప్పుడు ఎక్కడుంది, ఏ అక్షాంశం, ఏ రేఖాంశం, ఎటు కదులుతోంది అని చెబుతారు. తర్వాత వర్షం, గాలి, సముద్రం పరిస్థితి వస్తాయి. మత్స్యకారులకు హెచ్చరిక, తీసుకోవాల్సిన చర్యలు సాధారణంగా చివరి భాగంలో ఉంటాయి. ఆ వరుసలో తప్పేం లేదు. పోర్టుకీ, కలెక్టరేట్‌కీ, ఓడల వాళ్లకీ ముందు కావాల్సింది స్థానమే. కానీ మా ఊళ్లో బోటు ఉన్న మనిషికి అది అడుగున పడ్డ సమాచారం. విలేకరి చేయాల్సిన పని ఆ బులెటిన్‌ని తిరగేయడం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. బులెటిన్ సారాంశాన్ని ఉన్నదున్నట్టు దించితే ఇలా వస్తుంది: "ఆగ్నేయ బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం బలపడి తుపానుగా మారి, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వాయవ్యంగా కదులుతూ, ప్రస్తుతం కాకినాడకు ఆగ్నేయంగా 500 కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై, రేపు రాత్రికి తీరం దాటే అవకాశం ఉన్నందున మత్స్యకారులు వేటకు వెళ్లరాదని అధికారులు హెచ్చరించారు." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పనికొచ్చే మాట చిట్టచివర ఉంది. తిరగేస్తే ఇలా ఉంటుంది: "ఎవరూ వేటకు వెళ్లొద్దు. సముద్రంలో ఉన్నవాళ్లు వెంటనే ఒడ్డుకు రావాలి. తుపాను రేపు రాత్రి తీరం దాటే అవకాశం ఉంది." దూరం, వేగం, దిశ ఆ తర్వాత చెప్పుకోవచ్చు. అవి తీసేసినా ప్రాణానికి ముప్పు లేదు. మొదటి మూడు వాక్యాల్లో ఏది తీసేసినా ముప్పే.

తలకిందుల పిరమిడ్‌కి అసలు పరీక్ష ఇదే. కింది నుంచి ఒక్కో పేరా కోసుకుంటూ రండి. ఎక్కడ ఆగినా మిగిలినది సంపూర్ణమైన వార్తగా ఉంటే సరిగ్గా రాసినట్టు. పేపర్ డెస్క్‌లో చోటు చాలనప్పుడు సబ్ ఎడిటర్ కోసేది అడుగు నుంచే. "ఇప్పుడు పేజీ లేదు, చోటు కొరత లేదు, ఇంకా ఈ పిరమిడ్ ఎందుకు?" అని మన క్లబ్ మిత్రుడు అడిగాడు. చోటు కొరత పోయింది గానీ కోత పోలేదు. అప్పుడు డెస్క్ కోసేది, ఇప్పుడు పాఠకుడి బొటనవేలు కోస్తోంది. ఫోన్ నోటిఫికేషన్‌లో కనబడేది రెండు లైన్లే. వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ "Read more" దగ్గర ఆగిపోతుంది. మనం ఇంజినీరింగ్ వాళ్లం, మన భాషలో చెప్పాలంటే లైన్ ఎప్పుడు తెగుతుందో తెలియనప్పుడు ముఖ్యమైన ప్యాకెట్ ముందు పంపాలి.

అయితే తెలుగులో ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు పుస్తకం చదివి పిరమిడ్ నేర్చుకున్నవాళ్లు దీన్ని గమనించరు. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. పైగా "వెళ్లి, వస్తుండగా, పడి, చేరగా" అంటూ పనుల్ని జరిగిన వరుసలోనే గుచ్చుకుంటూ పోతాం. ఈ రకం ఇంట్రో మనం ఎన్నిసార్లు చదివి ఉంటాం! "ఫలానా గ్రామానికి చెందిన నలుగురు మత్స్యకారులు మంగళవారం తెల్లవారుజామున బోటులో వేటకు వెళ్లి, తిరిగి వస్తుండగా మొగ దగ్గర అలల తాకిడికి బోటు బోల్తా పడి, ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డుకు చేరగా మరో ఇద్దరు గల్లంతయ్యారు." రాసినవాడు ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాననుకుంటాడు. నిజానికి అతను రాసింది ఒక వాక్యంలో కుక్కిన కథ. అసలు వార్త ఆఖరి మాటలో ఉంది. కథ అనుభవమూ దక్కలేదు, వార్త తొందరా దక్కలేదు.

మందు తేలికే. గొలుసు తెంచాలి. "మొగ దగ్గర బోటు బోల్తా పడి ఇద్దరు మత్స్యకారులు గల్లంతయ్యారు. మరో ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. నలుగురూ మంగళవారం తెల్లవారుజామున వేటకు వెళ్లారు." తెలుగులో పిరమిడ్ కట్టాలంటే మొదటి వాక్యం పొట్టిగా ఉండాలి. ఒక ప్రధాన క్రియ, దాని ముందు మహా అయితే ఒక అసమాపక క్రియ. అంతకు మించితే పిరమిడ్ మళ్లీ బోర్లా పడినట్టే.

ఇప్పుడు రెండో వైపు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా మా తీరాన్ని తుపాను దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. చాలామంది మత్స్యకారులు సముద్రంలోనే పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప పేర్లు చెబితే మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతారు. కోనసీమలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఇదిగో, ఐదు వాక్యాల్లో పిరమిడ్ అయిపోయింది. అన్నీ నిజాలే. కానీ అప్పటికి పుట్టని నాకు వీటి నుంచి ఆ రాత్రి గురించి ఏం తెలిసింది?

నాకు తెలిసింది మామ్మ చెప్తేనే. ఆవిడ చనిపోయినవాళ్ల లెక్కతో ఒక్కసారీ మొదలుపెట్టలేదు. "దీపావళి ఇంకా రాలేదురా" అంటుంది. తర్వాత గాలి మొదలవడం, దీపం నిలవకపోవడం. తాతయ్య పశువుల్ని కట్లు విప్పి వదిలేయడం. తాటాకు ఇల్లు వదిలి పక్క వీధి డాబాకి ఎప్పుడు వెళ్లాలా అని ఇంట్లో మాటా మాటా అనుకోవడం. "ఇంకో గంట చూద్దాం అన్నారు మీ తాత. నేను పిల్లల్ని తీసుకుని బయల్దేరిపోయాను" అంటుంది. ఆ "ఇంకో గంట" దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. ఎందుకంటే మనిషి హెచ్చరిక విని కూడా ఎందుకు కదలడో, పశువు, ఇల్లు, "మనకేమవుతుందిలే" అనే ధీమా ఎలా కాళ్లకు అడ్డం పడతాయో అక్కడ కనబడుతుంది. అంకె అది చెప్పలేదు. వరుస చెబుతుంది. దాన్ని ప్రాధాన్య క్రమంలోకి మార్చి "మా కుటుంబం క్షేమంగా బయటపడింది" అని ముందే చెప్పేస్తే ఆ గంటకు అర్థమే పోతుంది.

కాబట్టి కథనానికి నా పరీక్ష వేరు. ఇందులో ఎవరైనా ఏదైనా నిర్ణయించుకోవాల్సిన ఘడియ ఉందా? ఆ నిర్ణయం ఇంకోలా ఉండి ఉంటే ఫలితం మారేదా? ఉంటే వరుసగా చెప్పండి, పాఠకుడు ఆ ఘడియలో నిలబడతాడు. లేకపోతే కథనం వద్దు. రేపటి కరెంటు కోత వేళల్ని "సాయంసంధ్య వేళ" అని మొదలుపెడితే తిట్టుకుంటారు.

కథనానికి ప్రమాదాలూ ఉన్నాయి. పెద్దది ఏమిటంటే, ఖాళీల్ని ఊహతో పూరించడం. సముద్రంలో పోయిన మనిషి ఆఖరి క్షణంలో ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు. "ఇంటి దగ్గర పాప గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి" అని రాస్తే అది వార్త కాదు, కల్పన. ప్రతి దృశ్యం పక్కనా "ఇది ఎవరు చూశారు? నాకు ఎవరు చెప్పారు?" అని మార్జిన్‌లో రాసుకోండి. జవాబు లేని దృశ్యాన్ని కొట్టేయండి. రెండోది, ఒక్క ఇంటి కథ ఊరంతటి కథ అయిపోవడం. మాకు పక్క వీధిలో డాబా ఉంది. తిప్ప మీద ఉన్నవాళ్లకు ఆ సౌకర్యం ఎక్కడిది? అందుకే కథ మధ్యలో ఎక్కడో ఒక పేరా ఆగి, మొత్తం లెక్క, కారణం చెప్పాలి.

రెండూ కలిపే దారి కూడా ఉంది. అమెరికాలో రాత పాఠాలు చెప్పే రాయ్ పీటర్ క్లార్క్ దానికి ఇసుక గడియారం అని పేరు పెట్టాడు. పైన నాలుగైదు పొట్టి వాక్యాల్లో వార్త, నడుము దగ్గర "ఆ రాత్రి జరిగింది ఇదీ, బయటపడ్డవాళ్లు చెప్పిన ప్రకారం" అని ఒక మలుపు, అక్కడి నుంచి కింద వరుసగా కథ. తొందరలో ఉన్నవాడు నడుము దగ్గర ఆగిపోవచ్చు. తీరికున్నవాడు కిందికి దిగొచ్చు. బోటు ప్రమాదం లాంటి వాటికి మర్నాటి పేపర్లో ఇదే సరైన కొలత అని నా అభిప్రాయం. కానీ తుపాను ఇంకా సముద్రంలో ఉండగా మాత్రం ఇది కూడా వద్దు. అప్పుడు పిరమిడ్ ఒక్కటే.

ఆ జూనియర్ వాళ్ల నాన్న ఆ రోజు వెళ్లలేదు. వాడు ఫోన్ చేశాడు కాబట్టి. ఫోన్ చేయనివాళ్లు తొమ్మిదో వాక్యం దాకా వచ్చారో లేదో నాకు తెలియదు. సముద్రం రంగు గురించి నేను రాసిన ఆ మొదటి పేరా ఇప్పటికీ దాచుకున్నాను. బాగానే ఉంటుంది. తుపాను వెళ్లిపోయిన వారానికి వేసి ఉంటే ఇంకా బాగుండేది.