పన్ను ఆదా కోసం అప్పు మోయొద్దు

చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే గృహరుణంలో కొంత ముందే కట్టేద్దామనుకునే ఉద్యోగికి ఎదురయ్యే మొదటి మాట ఒకటే: ‘తొందరపడకు, వడ్డీ మీద పన్ను మినహాయింపు పోతుంది’. చాలా ఇళ్లలో ఈ ఒక్క మాటకే నిర్ణయం ఆగిపోతోంది. కానీ పోయేది ఎంత, ఎప్పుడు పోతుంది, ఆ నష్టం నేటి విలువలో ఎంత అని లెక్క కట్టేవారు అరుదు. కడితే ఈ సలహా చాలామంది విషయంలో తప్పని తేలుతుంది.

ముందుగా తేల్చుకోవాల్సింది పన్ను విధానం. 2023-24 నుంచి కొత్త విధానమే సహజంగా వర్తిస్తోంది. అందులో సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీకి మినహాయింపే లేదు. ఆ విధానంలో ఉన్నవారికి పోయే పన్ను ఆదా సున్నా. పాత విధానంలో ఉన్నవారికి ఏడాదికి గరిష్ఠంగా రూ.2 లక్షల వడ్డీపై మినహాయింపు ఉంటుంది. 30 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి దీనివల్ల మిగిలేది ఏటా రూ.62,400. మనవాళ్లు మరచిపోతున్నది ఈ రెండు లక్షల గీతనే.

ఒక ఉదాహరణ చూద్దాం. పాత విధానంలో ఉన్న ఉద్యోగికి రూ.50 లక్షల బాకీ, 8.5 శాతం వడ్డీ, ఇంకా ఇరవై ఏళ్ల గడువు ఉన్నాయనుకుందాం. ఈఎంఐ సుమారు రూ.43,400. మొదటి ఏడాది వడ్డీ రూ.4.21 లక్షలు. రూ.5 లక్షలు ముందే కట్టి, ఈఎంఐ మార్చకుండా ఉంచితే ఆ వడ్డీ రూ.3.77 లక్షలకు తగ్గుతుంది. అయినా అది రెండు లక్షల గీతకు ఎంతో పైనే. అంటే ఆ ఏడాది పన్ను ఆదాలో ఒక్క రూపాయీ తగ్గదు. దాదాపు పదేళ్ల దాకా పరిస్థితి ఇదే. నష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. మొత్తం కలిపితే అది సుమారు రూ.2.7 లక్షలు.

అయితే పదేళ్ల తర్వాత పోయే లక్ష నేటి లక్షతో సమానం కాదు. ఆ అయిదు లక్షలు ఏడు శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే పన్ను పోగా మిగిలేది 4.8 శాతం. ఆ రేటుతో వెనక్కి లెక్కిస్తే పోయే పన్ను ఆదా నేటి విలువ సుమారు రూ.1.3 లక్షలే. మరోవైపు రుణం నాలుగేళ్లకు పైగా ముందే తీరుతుంది. కట్టనక్కర్లేని దాదాపు 52 ఈఎంఐల నేటి విలువ, అదే రేటుతో, సుమారు రూ.9.8 లక్షలు. పన్ను నష్టం తీసేసినా చేతికందేది రూ.8.5 లక్షలు. అందుకు పెట్టింది అయిదు లక్షలే. పన్ను పోగా 7.6 శాతానికి మించి కచ్చితమైన రాబడి ఇచ్చే చోటు ఉంటే తప్ప, ఈ ఉద్యోగికి ముందస్తు చెల్లింపే మేలు.

‘పన్ను ఆదా తీసేస్తే నీ అప్పు 5.85 శాతానికే వచ్చినట్టు’ అనే లెక్క ఇక్కడే తప్పుతోంది. వడ్డీ మొత్తం రెండు లక్షల లోపు ఉన్నవారికే అది నిజం. ఇరవై లక్షల బాకీ మిగిలినవారికి తగ్గే ప్రతి రూపాయి వడ్డీతో పాటు పన్ను ఆదా కూడా తగ్గుతుంది. భార్యాభర్తలిద్దరూ ఇంటి యజమానులుగా, సహరుణగ్రహీతలుగా ఉండి చెరో రెండు లక్షలు చూపిస్తుంటే గీత నాలుగు లక్షలకు జరుగుతుంది. పై ఉదాహరణలో వారికి నష్టం తొలి ఏడాదే మొదలవుతుంది. ఇలాంటివారికి 7.1 శాతం పన్నులేని వడ్డీ ఇస్తున్న పీపీఎఫ్‌లో జమకు అవకాశం ఉంటే ముందు అందులో వేయడమే లాభం. అయినా డిపాజిట్ మాత్రం వారికీ రుణం కంటే తక్కువే ఇస్తుంది. ఆరు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము అట్టేపెట్టుకున్నాకే ఎవరైనా ఈ లెక్క మొదలుపెట్టాలి.

ఈ లెక్క రుణగ్రహీత ఒక్కడే తలకెత్తుకోవాల్సింది కాదు. మారే వడ్డీ గృహరుణాలపై ముందస్తు చెల్లింపు రుసుమును రిజర్వ్ బ్యాంక్ 2012లోనే బ్యాంకులకు నిషేధించింది. అప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, మిగిలిన ఈఎంఐల సంఖ్యను మూడు నెలలకోసారి తెలపాలని 2023 ఆగస్టులో ఆదేశించింది. అదే పత్రంలో మరో రెండు వరుసలు చేర్చాలి: లక్ష రూపాయలు ఇప్పుడు కడితే తగ్గే ఈఎంఐలెన్ని, ఏడాది వడ్డీ రెండు లక్షల లోపుకు చేరేది ఏ సంవత్సరంలో? ఈ రెండూ బ్యాంకు కంప్యూటర్లో ఉన్న అంకెలతోనే తేలతాయి. పన్ను ఆదాను చూపి అప్పు కొనసాగించమనే సిబ్బంది ముందు ఈ అంకెలు రుణగ్రహీత చేతిలో పెట్టేలా రిజర్వ్ బ్యాంక్ నిబంధన తేవాలి.