పేరు చెప్పని జిగురు

ఏ ఫ్యాన్సీ షాపులోనైనా బొట్టుబిళ్లల అట్ట ఒకటి తీసుకుని తిరగేసి చూడండి. ముందు పక్క ఎర్రవి, మెరూన్‌వి, రాళ్లు పొదిగినవి వరుస కట్టి మెరుస్తుంటాయి. వెనక పక్క ధర, కంపెనీ పేరు, కొన్నిటి మీద ‘స్కిన్ ఫ్రెండ్లీ’ అనే ముద్ర ఉంటాయి. ఆ బిళ్లను నుదుటికి పట్టి ఉంచే జిగురు దేనితో చేశారన్న ముక్క మాత్రం కనిపించదు. పొద్దున్నుంచి రాత్రి దాకా, ఏళ్ల తరబడి చర్మానికి అంటుకుని ఉండే సరుకు గురించి కొనేవాళ్లకు తెలిసింది రంగు, సైజు, ధర మాత్రమే.

దీనికి తయారీదారును ఒక్కణ్నే తప్పుపట్టి లాభం లేదు, ఎందుకంటే మౌనంగా ఉండే వెసులుబాటు అతనికి నిబంధనే ఇచ్చింది. సౌందర్య సాధనాల లేబుల్ మీద అందులోని పదార్థాల జాబితా ఉండాలని మన నిబంధనలు చెబుతాయి. ఆ వెంటనే, 30 గ్రాముల లోపు ఘనపదార్థాల ప్యాకెట్లకూ 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకూ ఆ జాబితా అక్కర్లేదని మినహాయిస్తాయి. బొట్టుబిళ్లల అట్ట 30 గ్రాములు తూగదు. చిన్న కుంకుమ డబ్బీ తూగదు. తిలకం సీసాలో 60 మిల్లీలీటర్లు పట్టవు. చిన్న ప్యాకెట్ మీద చోటు చాలదన్న ఆలోచనతో పెట్టిన మినహాయింపు, నుదుటికి వాడే సరుకులకు దాదాపు పూర్తి రక్షణ కవచమైంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బొట్టు, కుంకుమ, సిందూరాలకు పన్ను తీసేశారు. అప్పుడు గుర్తొచ్చిన మహిళలు లేబుల్ దగ్గర ఎందుకు గుర్తుకు రాలేదు?

తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నదేమీ కాదు. రబ్బరు జిగుర్లు గట్టిగా పట్టడానికి కలిపే రెజిన్లలో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెజిన్ ఒకటి. చెప్పుల తయారీలో వాడే జిగుర్లలోనూ ఇది ఉంటుంది. ఈ రెజిన్ కొందరి చర్మానికి పడక దురద, ఎరుపు, పొక్కులు తెస్తుంది. అందులో కలవకుండా మిగిలిపోయిన బ్యూటైల్ ఫినాల్ అంతకన్నా ప్రమాదం. చర్మానికి రంగునిచ్చే కణాలనే అది దెబ్బతీస్తుంది. బొట్టు జిగురులోని ఈ రసాయనం వల్ల నుదురు తెల్లబడుతోందని అలహాబాద్ చర్మవైద్యులు 1990లోనే వైద్య పత్రికలో రాశారు. రసాయనాల వల్ల చర్మం తెల్లబడిన 864 మందిని పరిశీలించి కోల్‌కతా వైద్యులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 12 శాతం కేసులకు కారణం స్టిక్కర్ బొట్టే. మూడు దశాబ్దాలు దాటినా అట్ట వెనక ఒక్క వాక్యం చేరలేదు. మన సమాజంలో నుదుటి మీద తెల్లమచ్చ అంటే ఒంటి సమస్యగా ఆగదు. అది బొల్లి అని ఊరు తీర్మానించేస్తుంది, పెళ్లి కావాల్సిన పిల్లకైతే సంబంధాల దాకా పోతుంది. నిజానికి ఇది తొలిదశలో దొరికి, స్టిక్కర్ పూర్తిగా మానేస్తే చాలామందిలో ఆగిపోతుంది, కొందరిలో రంగు తిరిగి వస్తుంది. కాబట్టి ఆలస్యం చేయకపోవడమే ముఖ్యం.

గుర్తుపట్టడం ఎలా? మచ్చ ఆకారమే మొదటి ఆధారం. స్టిక్కర్ ఎంత గుండ్రంగా ఉందో దద్దురు అంతే గుండ్రంగా ఉంటే జిగురును అనుమానించాలి. ఎండాకాలంలో బిళ్ల కింద చెమట నిలిచి చిరచిరలాడడం వేరు. అది తీసేసిన రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. అలర్జీ అయితే అంచు దాటి పాకుతుంది, దురద ఎక్కువగా ఉంటుంది, తగ్గాక మళ్లీ అదే రకం పెడితే ఒకటి రెండు రోజుల్లో తిరగబెడుతుంది. ఇక తెల్లమచ్చకు దురద ఉండాలన్న నియమం లేదు. ఏ బాధా లేకుండా బొట్టు చోటు పాలిపోతుంటే అదే అసలు హెచ్చరిక.

మన ఇళ్లలో ఈ కథ ఎలా నడుస్తుందో చూద్దాం. పదిహేనేళ్లుగా స్టిక్కర్ పెట్టుకుంటున్న ఒక టీచరమ్మకు నుదురు దురద పెట్టింది అనుకుందాం. ఆమె ముందు కంపెనీ మారుస్తుంది. కొత్తదాంట్లోనూ అదే జాతి రెజిన్ ఉంటే ఫలితం మారదు, ఉందో లేదో చెప్పే లేబుల్ లేదు. తర్వాత మందుల షాపులో ఒక ట్యూబు ఇస్తారు. అందులో చాలాసార్లు క్లోబెటాసాల్ వంటి ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులకు దురద పోతుంది, ఆమె మళ్లీ స్టిక్కర్ పెడుతుంది. ఇలా నెలలు గడిస్తే చర్మం పల్చబడి కొత్త చిక్కు మొదలవుతుంది. చివరికి ‘స్టిక్కర్ వద్దు, కుంకుమ పెట్టుకో’ అని అత్తగారు సలహా ఇస్తారు. సలహా మంచిదే, పెట్టిన వేళే మంచిది కాదు. రేగి ఉన్న చర్మం మీద అద్దిన కుంకుమ లోపలికి దిగి రెండో అలర్జీకి దారి తీయవచ్చు. అప్పుడు ఏది దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆమె మొదటి రోజే చేయాల్సింది ఒకటే: నుదుటి మీద ఏమీ పెట్టకుండా, చర్మం పూర్తిగా మామూలయ్యేదాకా, కనీసం రెండు మూడు వారాలు వదిలేయడం. తర్వాత ఒక్కొక్కటిగా, విడివిడిగా పరీక్షించుకోవడం.

కుంకుమ విషయంలోనూ మోసం ఉంది. పసుపుకొమ్ములను నిమ్మరసం, వెలిగారం, పటికలతో నానబెట్టి ఆరబెట్టి దంచినదో, పసుపుకు సున్నం చేర్చినదో మన పెద్దలు ఎరిగిన కుంకుమ. బజారులో చవగ్గా దొరికే పొడిలో చాలాసార్లు పిండి, టాల్క్ వంటి వాటికి రంగు అద్ది, సువాసన చేర్చి ఉంటారు. ఆ రంగుల్లో అజో రంగులు ముఖ్యం. వీటివల్ల వచ్చే అలర్జీ తీరు వేరు. పొక్కులు పెద్దగా లేకుండానే, కుంకుమ రాలిన చోటల్లా గోధుమ, నీలి, బూడిద ఛాయల్లో నలుపు తేలుతుంది. దాన్ని మంగు అనుకుని ఫెయిర్‌నెస్ క్రీముల వెంట పడేవాళ్లు ఎందరో. బ్రిలియంట్ లేక్ రెడ్ అనే ఎరుపు రంగునూ, అందులో కల్మషంగా ఉండే సూడాన్-1నూ ఈ నలుపుకు కారణాలుగా చర్మవైద్యులు 1980లలోనే గుర్తించారు. సహజమైనదైతే చాలనుకోవడమూ సరికాదు. పసుపే పడనివాళ్లు కొద్దిమంది ఉన్నారు, సున్నం పాలు ఎక్కువైతే మంట పుడుతుంది. సున్నంతో చేసిన కుంకుమ మీద నిమ్మచుక్క వేస్తే పసుపు రంగుకు తిరుగుతుంది. ఇది పసుపు ఉందని చెబుతుందే తప్ప, ఇంకేమీ కలపలేదని చెప్పదు.

సిందూరం దగ్గర లెక్కే మారిపోతుంది. నారింజ ఛాయ ఎర్రదనానికి సీసం ఆక్సైడ్‌ను వాడే అలవాటు పాతది. సీసం దురద పెట్టదు, వాసన రాదు, దద్దురు లేపదు. అందుకే ‘నాకు పడింది’ అన్న మాటకు ఇక్కడ అర్థం లేదు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో న్యూజెర్సీలోనూ భారత్‌లోనూ కొన్న 118 సిందూరం నమూనాలను పరీక్షించారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సౌందర్య సాధనాల రంగులకు పెట్టిన పరిమితి గ్రాముకు 20 మైక్రోగ్రాముల సీసం. న్యూజెర్సీలో కొన్న వాటిలో 19 శాతం, భారత్‌లో కొన్న వాటిలో 43 శాతం ఆ గీత దాటాయి. న్యూజెర్సీలోని మన తెలుగు కుటుంబాలు కొనేదీ ఇలాంటి భారతీయ దుకాణాల్లోనే. మన చట్టం కూడా సీసం కలిపిన రంగులను నిషేధించింది. నిషేధం ఉండీ 43 శాతం గీత దాటిందంటే తనిఖీ లేదని అర్థం. పాపిట సిందూరం పెట్టిన చేత్తోనే పసిబిడ్డకు అన్నం కలిపే ఇంట్లో దీని భారం మోసేది ఆ బిడ్డ. పిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువ పడినా మేలు కాదు. ఇంట్లో చేసే ఏ నిమ్మచుక్క పరీక్షా సీసాన్ని పట్టుకోలేదు, ప్రయోగశాలే పట్టాలి.

మరి ఏది కొనాలి? నుదురు ఒకసారి రేగినవాళ్లు చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు లేని సరుకును ముట్టుకోకూడదు. చట్టం అడగకపోయినా పదార్థాల జాబితా వేసిన కంపెనీకి మొగ్గు చూపాలి. స్టిక్కర్ తప్పదంటే వైద్యానికి వాడే రకం అక్రిలిక్ జిగురు అని స్పష్టంగా రాసినవి కొంత నయం, అవి కూడా కొందరికి పడకపోవచ్చు. రాత్రి తీసేయాలి, కొబ్బరినూనె చుక్కతో మెత్తబరిచి తీయాలి, గోటితో పీకకూడదు. అసలు నమ్మదగిన పద్ధతి మన అమ్మమ్మలదే: నుదుట కాస్త మైనం రాసి, దానిమీద వాసన కలపని కుంకుమ. పసిపిల్లలకు సగ్గుబియ్యం మాడ్చి ఇంట్లో కాచే చాదు ఉంది. కొత్త కుంకుమను నేరుగా ముఖానికి పెట్టకుండా మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడాలి. ఎర్రబడితే అక్కడితో ఆపేయాలి. తెల్లమచ్చ ఒక్కసారి కనిపించినవాళ్లు మాత్రం స్టిక్కర్‌తో ఏ ప్రయోగమూ చేయకూడదు, నేరుగా చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి. అక్కడ ప్యాచ్ టెస్ట్ అడగవచ్చు. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. వెళ్లేటప్పుడు వాడే స్టిక్కర్, కుంకుమ, తలనూనె, హెయిర్ డై అన్నీ తీసుకెళ్లాలి. పాపిట దురదకు సిందూరం కాక డై కారణమైన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఇన్ని జాగ్రత్తలు కొనే మహిళే పడాలా? ఆమె ఒంటిని ప్రయోగశాలగా మార్చింది లేబుల్ మీది ఆ మినహాయింపు. శుభ్రతకో అందానికో శరీరానికి ఏ విధంగా వాడేదైనా సౌందర్య సాధనమేనని 1940 నాటి చట్టం విశాలంగా నిర్వచించింది. ఆ నిర్వచనం ప్రకారం స్టిక్కర్ బొట్టు దాని పరిధిలోకే వస్తుంది. కేంద్రం చేయాల్సింది కష్టమైన పని కాదు: బొట్టు, కుంకుమ, తిలకం, సిందూరాలకు 30 గ్రాముల, 60 మిల్లీలీటర్ల మినహాయింపు ఎత్తేసి, జిగురులోని రెజిన్ పేరు సహా పదార్థాలను అట్ట మీద అచ్చు వేయించాలి, చోటు చాలకపోతే క్యూఆర్ కోడ్ పెట్టించాలి. బ్యూటైల్ ఫినాల్ రెజిన్‌ను చర్మానికి అంటించే జిగుర్లలో నిషేధించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అధికారులు శ్రావణమాసం, దసరా అమ్మకాలకు ముందే టోకు బజార్లలో, గుళ్ల ముందు దుకాణాల్లో నమూనాలు తీసి, సీసం ఫలితాలను కంపెనీ పేర్లతో ప్రకటించాలి. 1990లో వైద్యులు కనుక్కున్న విషయం ఇంకా కొనేవాళ్లకు చేరలేదంటే, ఆ నేరం జిగురుది కాదు. దాన్ని పేరు చెప్పకుండా అమ్మనిస్తున్న నిబంధనది, దాన్ని మార్చని ప్రభుత్వాలది.