ఆ ముగింపు నేను నమ్మలేదు

మన క్లబ్‌లో ఈమధ్య అందరం చదివిన కథ గుర్తుందిగా? నానమ్మ తన చిన్నప్పటి ఊరి గురించి చెప్తుంటుంది, మనవడు ఆ మాటల్ని ప్రాంప్టులుగా టైప్ చేస్తుంటాడు. చివర్లో స్క్రీన్ మీద బొమ్మ వస్తుంది. నానమ్మ దాన్ని చేత్తో తడిమి, "ఇదే మా ఊరు" అని ఏడుస్తుంది. గ్రూప్‌లో అందరూ హార్ట్‌లు పెట్టారు, నేనూ పెట్టాను. కానీ కథంతా నచ్చినా ఆ ముగింపు మాత్రం నమ్మలేకపోయాను. ఎందుకంటే అదే పని నేను మా మామ్మతో చేశాను.

మామ్మది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. సెలవుల్లో ఆవిడ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. స్టేబుల్ డిఫ్యూజన్ పాత వెర్షన్ అందులో ఉంది. మామ్మ ముందుగా చెప్పింది ఏతం గురించి. నూతి పక్కన స్తంభం, దాని మీద పొడుగాటి మాను. ఒకాయన ఆ మాను మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంటే రెండో చివర కట్టిన బొక్కెన నూతిలోకి దిగి, నీళ్లతో పైకొస్తుంది. కింద నిలబడ్డాయన దాన్ని కాలవలోకి వంచుతాడు. "మీ ముత్తాత పైన నడిచేవాడు, మా అన్న వంచేవాడు" అంది.

ఇదంతా తెలుగులోనే ఇచ్చేద్దామంటే కుదరదు. ఆ మోడల్‌లో ప్రాంప్ట్‌ని చదివే భాగం ఒకసారికి 77 టోకెన్లే తీసుకుంటుంది. మొదలుకీ చివరకీ రెండు పోతే మనకి మిగిలేవి 75. అది నేర్చుకున్నది ఎక్కువగా ఇంగ్లిష్ క్యాప్షన్ల నుంచి. "ఏతం" అనే చిన్న మాటకే UTF-8లో 9 బైట్లు. దానికది ఒక మాటలా కాక బైట్ల ముక్కల్లా కనిపిస్తుంది. కాస్త పొడుగు వాక్యం ఇస్తే 75 అక్కడే అయిపోతాయి, అర్థమూ వెళ్లదు. అందుకే నేనూ కథలో మనవడిలాగే ఇంగ్లిష్‌లోకి దిగాను:

```
old Indian village, water well, farmer,
palmyra trees, no electric poles
```

బావి వచ్చింది. గుండ్రటి రాతి గట్టు, పైన చిన్న పెంకుల కప్పు, ఇంగ్లిష్ పిల్లల పుస్తకాల్లో ఉండే బావి. వెతికి `shadoof` అని రాస్తే ఏకంగా ఈజిప్టుకి వెళ్లిపోయాం. పైగా అందులో మాను మీద నడిచే మనిషే ఉండడు, ఆ పని ఒక బరువు చేస్తుంది. అంటే మా ముత్తాత మాయం.

ఇంకో తమాషా, వద్దన్న కరెంటు స్తంభాలు వచ్చి కూర్చున్నాయి. క్యాప్షన్లు రాసేవాళ్లు ఫొటోలో ఉన్నదే రాస్తారు, లేనిదాన్ని దాదాపు ఎవరూ రాయరు. అందుకే మోడల్‌కి `no` సరిగ్గా అందదు, `electric poles` మాత్రం బాగా అందుతుంది. ఆ మాటని నెగటివ్ ప్రాంప్ట్‌లోకి మారిస్తే స్తంభాలు పోయాయి. కానీ మామ్మ స్తంభాల్లేవంది ఎందుకు? పొద్దుగూకక ముందే అన్నాలు తినేసేవాళ్లమని చెప్పడానికి. బొమ్మలో మిగిలింది ఖాళీ ఆకాశం. ఆ తొందర లేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. అసలు విషయం మూడో రోజు జరిగింది. పక్కింటి పిన్నికి మామ్మ తన ఊరి గురించి చెప్తూ "నూతికి ఎత్తుగా రాతి గట్టుండేది" అంది. నేను ఆగలేక, "మామ్మా, గట్టు లేదు, ఒట్టి మట్టి నుయ్యి, భయమేసేది అన్నావు కదా?" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఏమోరా, నీ బొమ్మలో ఉంది కదా" అంది.

నాకు గుండె జారినట్టయింది. ఆ ఊరిని చిన్నప్పుడు చూసినవాళ్లలో మా ఇంట్లో మిగిలింది ఆవిడొక్కతే. బొమ్మ తప్పు వస్తే డిలీట్ చేస్తాను. మామ్మ జ్ఞాపకంలోకి ఎక్కిన గట్టుని ఎలా తీయను? మొదటి రోజు మాటల్ని నేను రికార్డ్ కూడా చేయలేదు. నా దగ్గర ఉన్నవి పై రెండు లైన్లే.

అందుకే నా అభిప్రాయం, కథలో మనవడు చేసిన తప్పు ఇంగ్లిష్‌లో టైప్ చేయడం కాదు. టైప్ చేశాక అసలు మాటల్ని పారేయడం. ఆ తప్పుని రచయిత చివర్లో కన్నీళ్లతో కప్పేశారు. మీరెవరైనా ఇంట్లో ఇది చేస్తే ముందు ఫోన్‌లో గొంతు రికార్డ్ చేయండి, వాళ్లు చెప్పడం మొత్తం అయ్యేదాకా బొమ్మ చూపించకండి. చూపించినప్పుడు "బాగుందా?" అనకండి, "ఎక్కడ తప్పుంది?" అని అడగండి.

ఈ కథని నేను రాసుంటే నానమ్మ స్క్రీన్ చూసి "ఇది కాదురా" అనేది. మనవడు లాప్‌టాప్ మూసి, "మరి ఎలా ఉండేది?" అని మళ్లీ అడిగేవాడు. మా మామ్మని నేనింకా అలా అడగలేదు. ఈ దసరాకి వెళ్తున్నాను.