ఆవకాయ, మిక్చరు, మరునాటి ఉబ్బిన ముఖం



మా కొత్తగూడలో ఏ వీధిలోకి వెళ్లినా హాస్టళ్లే. కంప్యూటరు ఉద్యోగాలకని గుంటూరు నుండి, ఖమ్మం నుండి, శ్రీకాకుళం నుండి వచ్చిన పిల్లలు ఆ గదులలో ఉంటారు. ప్రతి గదిలో మంచం క్రింద అమ్మ పంపిన పచ్చడి సీసా ఒకటి, కిటికీలో మిక్చరు పొట్లమో చిప్సు పొట్లమో ఒకటి తప్పక కనిపిస్తాయి. వారిలో ఒక యువకుడు ఈ మధ్య నన్నడిగాడు: “అయ్యగారూ, రాత్రి బాగానే పడుకుంటాను. మధ్యలో లేచి రెండు మూడు సార్లు నీళ్లు తాగుతాను. తెల్లవారి అద్దంలో చూసుకుంటే కళ్లక్రింద సంచుల్లా వాచి ఉంటాయి. ఉంగరం కదలదు. పొట్ట బిగిసినట్లుంటుంది. కిడ్నీలు పాడయ్యాయంటారా?”

“ముందు నిన్న రాత్రి ఏం తిన్నావో చెప్పు నాయనా” అన్నాను. చెప్పాడు. ఆ లెక్కనే ఇక్కడ వేసి చూద్దాం.

రాత్రి పది గంటలకు హాస్టలు భోజనం. అన్నంలో మనం ఉప్పు వేయము గాని పప్పులో, కూరలో, సాంబారులో కలిపి సుమారు 3 గ్రాముల ఉప్పు ఉంటుంది. దానిమీద ఆవకాయ. నిల్వ ఉండే ఆవకాయలో తూకానికి పదో వంతుకు పైగానే ఉప్పు. అతడు వేసుకున్న రెండు పెద్ద ముక్కలు, వాటి గుజ్జు కలిసి 30 గ్రాములనుకుంటే, అందులోనే 3 గ్రాములు దాటింది. తరువాత క్రికెట్ చూస్తూ 100 గ్రాముల మిక్చరు పొట్లం ఖాళీ చేశాడు. అది ఇంకొక 2 గ్రాములు. మొత్తం 8 గ్రాముల పైచిలుకు, అదీ రెండు గంటల వ్యవధిలో! ప్రొద్దుటి టిఫినూ మధ్యాహ్న భోజనమూ ఇందులో చేర్చనే లేదు. రోజంతటికీ 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలోనూ అదే మాట ఉంది.

ఈ ఉప్పు లోపలికి వెళ్లి ఏం చేస్తుందో మన గృహిణులకు వేరే చెప్పనక్కరలేదు. మాగాయకు మామిడి ముక్కలు తరిగి ఉప్పు కలిపి జాడీలో పెడతారు గదా! మూడోనాటికి ముక్క వడలి, ఊట పైకి వస్తుంది. నీరు పోసినవారెవరు? ఎవరూ లేరు. బయటనున్న ఉప్పు ముక్కలోని నీటిని లాగింది. మన శరీరంలోనూ అంతే. ఉప్పులోని సోడియం ఎక్కువగా కణాల బయటి ద్రవంలోనే, అంటే రక్తంలోనూ కణాల చుట్టూ ఉండే నీటిలోనూ నిలుస్తుంది. అక్కడ నిలిచి కణాలలోని నీటిని తనవైపు లాగుకొంటుంది. మెదడు అడుగుభాగాన ఈ మార్పును కనిపెట్టే కణాలున్నాయి. రక్తం చిక్కదనం నూటికి ఒకటి రెండు పాళ్లు పెరిగినా చాలు, అవి రెండు పనులు చేయిస్తాయి. మొదటిది దాహం. రెండవది, వాసోప్రెసిన్ అనే హార్మోనును విడుదల చేయించి, “నీటిని బయటికి పోనివ్వకు” అని మూత్రపిండాలకు కబురు పంపడం. అందుకే ఆ రాత్రి ఎన్ని నీళ్లు తాగినా మూత్రం కొద్దిగా, పసుపుపచ్చగా వస్తుంది.

తాగిన నీరు మరి ఎక్కడికి పోయింది? ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసా మీరందరూ చూసే ఉంటారు. అరలీటరు సీసాలో 4.5 గ్రాముల ఉప్పుంటుంది. ఆ నిష్పత్తి మన రక్తానికి సరిపోయేది. మన యువకుని ఒంట్లో ఆ రాత్రి అవసరానికి మించి మిగిలిన ఉప్పు నాలుగున్నర గ్రాములు అనుకోండి. ఆ ఉప్పును మామూలు పలుచదనానికి తేవడానికి అరలీటరు నీరు కావాలి. దాహమై అతడు తాగిన మూడు గ్లాసులలో అంత నీరూ అక్కడే ఆగింది. అంటే నోటిద్వారా ఒక అరలీటరు సెలైన్ ఎక్కించుకొని పడుకున్నాడన్నమాట! ప్రొద్దున తూకం చూసుకుంటే అరకిలో పెరిగి ఉంటాడు. అది కొవ్వు కాదు, నీరు.

ఈ నీరు ముఖంలోనే ఎందుకు కనబడాలి? పగలంతా నిలబడి, కూర్చొని ఉంటాము గనుక శరీరంలోని అదనపు నీరు కాళ్లవైపు దిగుతుంది. పడుకున్నప్పుడు అది ఒళ్లంతా సమంగా సర్దుకుంటుంది. కంటిక్రింది చర్మం మిక్కిలి పలుచన, దాని అడుగున పొర వదులు. అందుచేత కొంచెం నీరు చేరినా అక్కడ తెలిసిపోతుంది. లేచి నాలుగడుగులు వేసిన తరువాత, పదకొండు గంటలకల్లా ముఖం తేటపడటం కూడా ఇందువల్లనే. పొట్ట బిగువుకు నూనె వంటకం అరగడంలో జాప్యం ఒక కారణమైతే, ఉప్పుకూ అందులో పాలుంది. అమెరికాలో రక్తపోటు కోసం జరిగిన ఒక పెద్ద ఆహార పరిశోధన వివరాలను 2019లో తిరిగి పరిశీలించినప్పుడు, ఉప్పు ఎక్కువ తిన్న రోజులలో కడుపు ఉబ్బరం ఎక్కువమందికి కలిగినట్లు తేలింది.

కొందరు, “నీళ్లు తాగితేనే గదా వాపు, తాగకుండా ఉంటే సరి” అంటారు. ఇది పొరపాటు. ఉప్పు బయటికి పోవాలంటే దానితో నీరు పోవాలి. దాహమైనంత తాగవలసిందే; అలాగని బలవంతంగా లీటర్లకొద్దీ తాగడమూ అనవసరం. ఆరోగ్యవంతుని మూత్రపిండాలు ఒకటి రెండు రోజులలో ఈ లెక్క సరిచేస్తాయి. వాపు దిగడానికని మందుల షాపులో నీటి మాత్ర అడిగి మింగడం మాత్రం ప్రమాదం. అది అవసరమైన పొటాషియాన్ని కూడా బయటికి తోసివేస్తుంది.

అయితే ప్రతి వాపునూ పచ్చడిమీదికి నెట్టరాదు. బొటనవ్రేలితో ముంగాలి ఎముకమీద కొద్ది క్షణాలు గట్టిగా నొక్కి తీయండి. గుంట పడి అలాగే నిలిచిందంటే ఒంట్లో చేరినది అరలీటరు కాదు, రెండు మూడు లీటర్లు కావచ్చు. అది ఒకనాటి ఆవకాయ పని కాదు. ఉప్పు తగ్గించిన మూడు నాలుగు రోజులకు కూడా ముఖం వాపు తగ్గకపోయినా, మూత్రంలో నురుగు నిలిచిపోతున్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. గర్భిణీ స్త్రీలకు ముఖం, చేతులు అకస్మాత్తుగా వాచితే ఒక్కరోజైనా ఆగకూడదు. గుండె జబ్బుకు మందులు వాడే పెద్దలు ప్రతి ఉదయం తూకం చూసుకోవడం మంచిది. రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే కబురు చేయాలి.

ఆవకాయలో ఉప్పు తగ్గించి పెట్టమని అమ్మకు చెప్పనా అని ఆ అబ్బాయి అడిగాడు. వద్దన్నాను. ఉప్పు తగ్గితే జాడీకి బూజు పడుతుంది, పచ్చడి పాడవుతుంది. తగ్గవలసింది పళ్లెంలో ముక్క. రెండింటికి బదులు ఒక చిన్నముక్క చాలు, అదీ మధ్యాహ్నం. పచ్చడి ఉన్న పూట అప్పడం, చల్ల మిరపకాయ వద్దు. పెరుగులో ఉప్పు వద్దు. మిక్చరు పొట్లంమీద సోడియం ఎన్ని మిల్లీగ్రాములో వ్రాసి ఉంటుంది. దానిని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు తెలుస్తుంది. నూరు గ్రాములకు 800 అని ఉంటే 2 గ్రాముల ఉప్పన్నమాట.

సైంధవ లవణం వాడితే ఫరవాలేదా అని కూడా చాలామంది అడుగుతున్నారు. అదీ దాదాపు అంతా సోడియం ఉప్పే. వాపు విషయంలో తేడా లేదు. ఇక “తక్కువ సోడియం” అని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల జబ్బున్నవారు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారు తమ డాక్టరును అడగకుండా దానిని వంటింట్లోకి తేవద్దు.